పాత కంప్యూటర్లు, పాత ఫోన్లు ఉన్నచోట పీపీటీపీకి బదులు ఏది పెట్టుకోవాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చిన్న వ్యాపార సంస్థల్లో దూరంగా ఉన్న యంత్రాలను ఇంటర్నెట్ మీదుగా గుట్టుగా కలిపే వీపీఎన్ అనగానే చాలామంది ఇప్పటికీ పెట్టుకునేది పీపీటీపీ అనే పాత పద్ధతే. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. బరంపురంలోని ప్రధాన దుకాణంలో లెక్కల కంప్యూటరు ఒకటి ఉంటుంది, పర్లాకిమిడి దగ్గర మిల్లులోనో గోదాములోనో ఇంకొకటి ఉంటుంది, ఈ రెండింటినీ కలపమని యజమాని అడిగిన రోజున ఏ సాఫ్ట్‌వేరూ అదనంగా ఎక్కించనక్కరలేకుండా విండోస్ ఎక్స్‌పీలోనూ, విండోస్ 7లోనూ, అప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ సిద్ధంగా దొరికినది అదే. పేరు, పాస్‌వర్డు, సర్వరు చిరునామా ఇస్తే పని అయిపోయేది. అలా పదేళ్ల కిందట పెట్టినది ఇప్పటికీ నడుస్తోంది కనుక దాన్ని ఎవరూ కదిలించరు.

అది నడుస్తున్న మాట నిజమే గానీ దారిలో వెళ్లే సమాచారాన్ని కాపాడడం మాత్రం ఎప్పుడో మానేసింది. దానికి బదులుగా ఏది ఎంచుకోవాలన్నది మీ దగ్గరున్న పరికరం ఎంత పాతది అన్నదానిమీద ఆధారపడుతుంది. అయితే ఎంపిక జోలికి వెళ్లేముందు పీపీటీపీలో సరిగ్గా ఏది విరిగిందో తెలుసుకోవాలి. అది తెలియకపోతే చాలామంది చేసే మొదటి పని, అంటే పాస్‌వర్డును పొడవు చేసి ఊరుకోవడం, సరిపోతుందనిపిస్తుంది. అది సరిపోదు.

పీపీటీపీ వివరణ ఆర్‌ఎఫ్‌సీ 2637 అనే సాంకేతిక పత్రంగా 1999లో వెలువడింది. ఇందులో మైక్రోసాఫ్ట్‌తో పాటు మరికొన్ని సంస్థల చెయ్యి ఉంది. సమాచారాన్ని చుట్టి అవతలికి చేర్చే దాని సొరంగం జీఆర్‌ఈ అనే పద్ధతిలో నడుస్తుంది, కనెక్షను నడిపించే మాటలు టీసీపీ 1723 పోర్టు మీద సాగుతాయి. ఆ సొరంగంలోకి వచ్చినవాడు అసలు మనవాడేనా అని తేల్చే పని ఎంఎస్‌చాప్ రెండో రూపానిది. సమాచారాన్ని గుప్తీకరించే పని ఎంపీపీఈ అనే పొరది, అది ఆర్‌సీ4 అనే పాత గుప్తలిపిని వాడుతుంది. అసలు పగులు ఎంఎస్‌చాప్‌లో ఉంది, ఎందుకంటే ఎంపీపీఈ తన తాళంచెవిని కూడా అక్కడి నుంచే తీసుకుంటుంది.

లాగిన్ అయ్యేటప్పుడు జరిగేది ఇది. పాస్‌వర్డు నుంచి ఎండీ4 పద్ధతిలో 16 బైట్ల ఒక సంఖ్య పుడుతుంది, దీన్ని ఎన్‌టీ హాష్ అంటారు. సర్వరు ఒక సవాలు పంపుతుంది, మన యంత్రం తన వంతుగా ఇంకొకటి చేరుస్తుంది, వాడుకరి పేరుతో సహా వాటన్నిటినీ కలిపి నలిపి 8 బైట్లకు కుదిస్తారు. ఆ 8 బైట్లను డీఈఎస్ అనే గుప్తలిపితో మూడుసార్లు, మూడు వేర్వేరు తాళంచెవులతో గుప్తీకరించి, వచ్చిన 24 బైట్లను జవాబుగా పంపుతారు. ఆ మూడు తాళంచెవులు ఎన్‌టీ హాష్‌ను ముక్కలు చేయగా వచ్చినవే. ఒక్కో డీఈఎస్ తాళంచెవికి 7 బైట్లు కావాలి, మూడింటికి 21 కావాలి, మన దగ్గర ఉన్నవి మాత్రం 16. కనుక మొదటి రెండు తాళంచెవులకు ఏడేసి బైట్లు పోగా మూడోదానికి మిగిలేవి రెండే, తక్కిన ఐదింటినీ సున్నాలతో నింపేశారు.

రెండు బైట్లంటే 65,536 అవకాశాలు. ఎంత పాత కంప్యూటరైనా వాటన్నిటినీ కళ్లు మూసి తెరిచేలోగా ప్రయత్నించి చూస్తుంది, కాబట్టి మూడో తాళంచెవి లేనట్టే. మొదటి రెండూ గుప్తీకరించేది ఒకే 8 బైట్లను కనుక, దాడి చేసేవాడు ప్రతి తాళంచెవిని ఒక్కసారే ప్రయత్నించి, వచ్చిన ఫలితాన్ని రెండు జవాబులతోనూ పోల్చుకుంటే సరిపోతుంది. అంటే మొత్తం భద్రత ఒక్క డీఈఎస్ తాళంచెవి పాటిది. అది 2కు 56వ ఘాతం, దాదాపు 72 వేల లక్షల కోట్ల అవకాశాలు. వినడానికి కొండంత కనిపించినా, 2012లో డెఫ్‌కాన్ సమావేశంలో మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ దీన్ని చేసి చూపించారు. వాళ్లు వాడిన యంత్రంలో 48 ఎఫ్‌పీజీఏ చిప్‌లు ఉన్నాయి, అన్ని అవకాశాలనూ వెతకడానికి దానికి ఒక రోజులోపే పట్టింది. అప్పటి యంత్రం మాట అది, తరవాత వచ్చిన చిప్‌ల వేగం చెప్పనక్కరలేదు. అదే ఏడాది ఆగస్టులో మైక్రోసాఫ్ట్ కూడా ఎంఎస్‌చాప్‌ను విడిగా, పైన మరో రక్షణ లేకుండా వాడవద్దని హెచ్చరిక జారీ చేసింది.

ఇక్కడ గమనించవలసినది, ఈ వెతుకులాటలో పాస్‌వర్డు ఊసే రాలేదు. వెతికేది ఎన్‌టీ హాష్ ముక్కలను, వాటి పొడవు ఎప్పుడూ ఒకటే. మీ పాస్‌వర్డు ఆరు అక్షరాలదైనా, అరవై అక్షరాలదైనా పడే శ్రమ మారదు. కొందరు మిత్రులు ‘మాది ఇరవై అక్షరాల పాస్‌వర్డు కదా’ అంటూ ఉంటారు. పీపీటీపీ విషయంలో ఆ పొడవు నిఘంటువు పట్టుకుని ఊహించేవాడిని ఆపుతుందే తప్ప తాళంచెవులను వరసగా తిప్పి చూసేవాడిని ఆపదు.

ఎన్‌టీ హాష్ చేతికి చిక్కితే జరిగేది పాస్‌వర్డు తెలిసిపోయినదానితో సమానం. ఆ హాష్‌తో లాగిన్ కావచ్చు. ఇంకా ముఖ్యంగా, ఎంపీపీఈ తాళంచెవులు ఆ హాష్ నుంచీ, దారిలో అందరికీ కనిపించిన సవాలు జవాబుల నుంచీ తయారవుతాయి. కనుక ఆరు నెలల కిందట ఎవరైనా మీ కనెక్షనును మొదటినుంచీ నమోదు చేసి దాచి ఉంచితే, ఈరోజు హాష్ బయటపడినా నాటి సమాచారమంతా విప్పుకోవచ్చు. ఆర్‌సీ4 గుప్తలిపికి సొంతంగా ఉన్న బలహీనతలు వేరే. దానికి తోడు, దారిలో ప్యాకెట్టును ఎవరైనా మార్చారా లేదా అని తేల్చే కట్టుబాటు ఎంపీపీఈలో లేనే లేదు. కంపెనీల్లో ఇంకో ప్రమాదం ఉంది. వీపీఎన్‌కూ ఆఫీసులోని విండోస్ ఖాతాకూ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు పెట్టినచోట, బయటపడిన ఆ హాష్ లోపలి యంత్రాల తలుపులనూ తెరుస్తుంది.

కొత్త పరికరాలు పీపీటీపీని వదిలేయడం ఇందుకే. 2016లో ఐఓఎస్ 10తోనూ, మ్యాక్‌ఓఎస్ సియెరాతోనూ ఆపిల్ దాన్ని తీసివేసింది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12లో కొత్తగా పీపీటీపీ కనెక్షను పెట్టుకునే వీలు పోయింది, దానితో పాటు ఎల్‌టూటీపీ కూడా పోయింది. ఇందువల్ల ఒడిశా, ఆంధ్రా సరిహద్దు ఊళ్లలో ఒక విచిత్రమైన పరిస్థితి కనిపిస్తోంది. మిల్లులో పాత కంప్యూటరు పీపీటీపీతో కలుస్తుంది, యజమాని కొత్త ఫోను కలవదు, అప్పుడు తప్పు ఫోనుదే అనుకుంటారు.

పీపీటీపీతో ఇక్కడివాళ్లకు భద్రతతో సంబంధం లేని చిక్కు కూడా ఒకటి ఉంది. మొబైల్ డేటా మీద మనకు సొంత పబ్లిక్ చిరునామా దొరకదు. ఒకే చిరునామాను ఎంతోమంది పంచుకుంటారు, దాన్ని సీజీనాట్ అంటారు. టీసీపీ, యూడీపీ రాకపోకలను పోర్టు సంఖ్యను బట్టి ఎవరివి వాళ్లకు చేర్చవచ్చు గానీ జీఆర్‌ఈకి పోర్టులు ఉండవు. కనుక 1723 పోర్టు మీద మాటలు మొదలవుతాయి, తరవాత సొరంగం మాత్రం తెరుచుకోదు. విండోస్‌లో ‘Verifying user name and password’ దగ్గర చాలాసేపు ఆగి, చివరకు 619 గానీ 806 గానీ లోపం చూపిస్తే కారణం సాధారణంగా ఇదే. పాస్‌వర్డు మార్చి మార్చి చూడడం వృథా శ్రమ.

ఇక ఏది ఎంచుకోవాలన్న ప్రశ్న. నా అభిప్రాయంలో పోలికకు నిలిచేవి మూడే: వైర్‌గార్డ్, ఓపెన్‌వీపీఎన్, ఎల్‌టూటీపీ/ఐపీసెక్. విండోస్ యంత్రాల మధ్య మాత్రమే పని ఉంటే ఎస్‌ఎస్‌టీపీ, ఐకేఈవీ2 కూడా మంచివే. అయితే వాటికి సర్టిఫికెట్ల నిర్వహణ కావాలి, చిన్న దుకాణంలో ఆ పని చూసే మనిషి ఉండడు కనుక వాటిని పక్కన పెడుతున్నాను.

పరికరం ఒప్పుకుంటే వైర్‌గార్డ్‌నే మొదట చూడాలి. అది యూడీపీలో ఒక్క పోర్టుతో నడుస్తుంది. పేరు, పాస్‌వర్డు లేవు. రెండు వైపులా ఒక్కో జత తాళంచెవులు ఉంటాయి, ఒకరి పబ్లిక్ తాళంచెవిని మరొకరికి ఇస్తే చాలు. అది వాడే చాచా20 గుప్తలిపికి ప్రాసెసరులో ఏఈఎస్ అనే మరో గుప్తలిపి కోసం పెట్టే ప్రత్యేక సదుపాయం అవసరం లేదు. పాత ఫోన్లలో, చవక రౌటర్లలో లేనిది సరిగ్గా ఆ సదుపాయమే కనుక, వైర్‌గార్డ్ అలాంటి యంత్రాల మీద కూడా చురుకుగా నడుస్తుంది. మన ప్రాంతానికి పనికొచ్చే గుణం ఇంకొకటి ఉంది. పర్లాకిమిడిలో నది దాటి పాతపట్నం వైపు నాలుగడుగులు వేస్తే ఫోను ఒడిశా టవరు వదిలి ఆంధ్రా టవరు పట్టుకుంటుంది, చిరునామా మారిపోతుంది. పీపీటీపీ, ఎల్‌టూటీపీ అక్కడ తెగిపోయి మళ్లీ లాగిన్ అడుగుతాయి. వైర్‌గార్డ్ అయితే తరవాతి ప్యాకెట్టు ఏ చిరునామా నుంచి వచ్చినా, అది సరైన తాళంచెవితో వస్తే అదే సొరంగాన్ని కొనసాగిస్తుంది.

వైర్‌గార్డ్‌కు పాత పరికరాల్లో వచ్చే తంటా గడియారానిది. కలవడానికి పంపే మొదటి ప్యాకెట్టులో సమయం ముద్ర ఉంటుంది. ఇంతకుముందు చూసిన ముద్ర కన్నా వెనకటిది వస్తే, పాత ప్యాకెట్టును ఎవరో దొంగతనంగా మళ్లీ పంపుతున్నారని భావించి అవతలివైపు దాన్ని పారేస్తుంది. చవక రౌటర్లలో గడియారాన్ని నిలిపే బ్యాటరీ ఉండదు, కరెంటు పోయి వచ్చాక అవి పాత తేదీతో మేలుకుంటాయి. ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకునేదాకా సొరంగం తెరుచుకోదు. ఆ సమయం తెచ్చే దారినే సొరంగం గుండా పెట్టి ఉంటే ఇక ఎప్పటికీ తెరుచుకోదు. అందుచేత సమయం సర్వరును సొరంగం బయటి నుంచే అందేలా ఉంచాలి. గుర్తు ఏమిటంటే, కరెంటు పోయి వచ్చిన తరవాతే సొరంగం పనిచేయదు, బరంపురం వైపు రౌటరును ఆపి మళ్లీ పెడితే వెంటనే పనిచేస్తుంది. అవతలివైపు జ్ఞాపకంలో ఉన్న పాత ముద్ర చెరిగిపోవడమే అందుకు కారణం.

ఓపెన్‌వీపీఎన్ రెండో ఎంపిక. వైర్‌గార్డ్ ఎక్కని పాత విండోస్‌లోనూ, పాత ఆండ్రాయిడ్‌లోనూ ఇది ఎక్కుతుంది. ఆండ్రాయిడ్ 4.0 నుంచే యాప్‌లు సొంతంగా వీపీఎన్ నడపడానికి వ్యవస్థ దారి ఇచ్చింది కనుక అంతకన్నా కొత్త ఫోను దేనికైనా రూట్ చేయనక్కరలేదు. విండోస్ ఎక్స్‌పీకి 2.3 వరుస సంచికలే చివరివి, 2.4 నుంచి ఎక్స్‌పీని వదిలేశారు. యూడీపీ మీద దీని మామూలు పోర్టు 1194. హోటల్లోనో కాలేజీలోనో యూడీపీని ఆపేస్తే టీసీపీ 443 మీద కూడా నడపవచ్చు, ఆ వెసులుబాటు వైర్‌గార్డ్‌కు లేదు. సొంత సర్టిఫికెట్ సంస్థను మీరే తయారు చేసుకుంటారు కాబట్టి, పాత ఫోనుకు బయటి సంస్థల సర్టిఫికెట్లు తెలియకపోయినా ఇబ్బంది రాదు.

దాని ఖరీదు వేగంలో కనిపిస్తుంది. ఇళ్లలో వాడే పాత రౌటరు మీద ఓపెన్‌వీపీఎన్ నడిపితే, లైను వంద మెగాబిట్లదైనా సొరంగంలో వచ్చేది పది ఇరవై మెగాబిట్ల దగ్గర ఆగిపోవడం మామూలు. ప్రాసెసరు నూరు శాతానికి చేరి ఉంటే కారణం అదే, లైను మీద ఫిర్యాదు చేసి లాభం లేదు. లెక్కల కంప్యూటరు తెరను దూరం నుంచి చూడడానికి ఆ వేగం చాలు. సీసీటీవీ చూడడానికి చాలదు. ఇంకొక మెలిక, మైక్రోటిక్ రౌటర్లలో రౌటర్‌ఓఎస్ 6 ఓపెన్‌వీపీఎన్‌ను టీసీపీ మీద మాత్రమే నడుపుతుంది, యూడీపీ 7లోనే వచ్చింది. టీసీపీ సొరంగంలో మళ్లీ టీసీపీ నడిస్తే, లైను కాస్త చెడినప్పుడు రెండు పొరలూ పోటీపడి ప్యాకెట్లు తిరిగి పంపుతాయి, తెర నిలిచి నిలిచి కదులుతుంది.

మూడోది ఎల్‌టూటీపీ/ఐపీసెక్. పరికరంలో ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించలేని స్థితి ఉన్నప్పుడు మాత్రమే దీన్ని ఎంచుకోవాలని నా సలహా. విండోస్ ఎక్స్‌పీ నుంచి పాత ఐప్యాడ్ దాకా, ఆండ్రాయిడ్ 11 దాకా ఇది లోపలే ఉంటుంది. ఇందులోనూ లాగిన్‌కు అదే ఎంఎస్‌చాప్ వాడతారు గానీ, ఇక్కడ అది ఐపీసెక్ గుప్తీకరణ పొర లోపల జరుగుతుంది కనుక దారిలో ఉన్నవాడికి కనిపించదు. ఆ పొరకు కాపలా ఉమ్మడి రహస్యపదం, అదే పీఎస్‌కే. మొత్తం రక్షణ దానిమీదే నిలబడింది. ఆ పదం తెలిసినవాడు నకిలీ సర్వరుగా మధ్యలో నిలబడి లోపలి ఎంఎస్‌చాప్‌ను పట్టుకోగలడు, అప్పుడు కథ మళ్లీ పీపీటీపీ దగ్గరికే వస్తుంది. చాలా చోట్ల ఆ పదంగా దుకాణం పేరూ, దాని వెనుక 123 అనీ పెడతారు. అలా కాకుండా యంత్రంతో తయారు చేసిన ముప్పై అక్షరాల పదం పెట్టాలి, మనిషి మానేసి వెళ్లినప్పుడల్లా దాన్ని మార్చాలి.

దీనికి తెలిసిన అడ్డంకులు రెండు. సర్వరు నాట్ వెనుక, అంటే పబ్లిక్ చిరునామాను పంచే రౌటరు వెనుక ఉంటే విండోస్ మామూలుగా కలవదు, 809 లోపం చూపిస్తుంది. అప్పుడు విండోస్ 7లో రిజిస్ట్రీలో `HKLM\SYSTEM\CurrentControlSet\Services\PolicyAgent` కింద `AssumeUDPEncapsulationContextOnSendRule` అనే డీవర్డ్ విలువను 2గా పెట్టి యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టాలి. రెండోది, ఒకే రౌటరు వెనుక నుంచి రెండు యంత్రాలు ఒకే సర్వరుకు ఎల్‌టూటీపీతో కలిస్తే, రెండోది కలవగానే మొదటిది తెగిపోవడం తరచుగా జరుగుతుంది. మిల్లులో రెండు కంప్యూటర్లు ఉన్నచోట దీన్ని ఎంచుకోకపోవడమే మేలు.

ఇప్పటిదాకా పరికరాన్ని బట్టి ఎంపిక చెప్పాను. కాని ఎక్స్‌పీ, విండోస్ 7 ఉన్నచోట నేను మొదట అడిగే ప్రశ్న వేరు: ఆ పాత యంత్రం స్వయంగా వీపీఎన్‌లో కలవవలసిన అవసరం ఉందా? అది ఎప్పుడూ ఒకేచోట బల్లమీద ఉండే యంత్రమైతే అవసరం లేదు. సొరంగం పనిని రెండు చివర్లలోని రౌటర్లకు అప్పగిస్తే, పాత యంత్రానికి వీపీఎన్ అనేది ఒకటుందని కూడా తెలియదు. ఈ దారిలో పాత యంత్రం ఏ పద్ధతిని భరించగలదన్న ప్రశ్నే పోతుంది.

ఉదాహరణకు ఇలాంటి అమరికను తీసుకుందాం. పర్లాకిమిడి దగ్గర రైసు మిల్లులో లారీల కాటా దగ్గర ఎక్స్‌పీ యంత్రం ఉంది. కాటా సాఫ్ట్‌వేరు దానిమీదే నడుస్తుంది కనుక దాన్ని మార్చలేరు. మిల్లు ఆఫీసులో విండోస్ 7 యంత్రం ఒకటి ఉంది. బరంపురం ఆఫీసులో లెక్కల కంప్యూటరు, స్టాటిక్ ఐపీ ఉన్న లైను, మైక్రోటిక్ రౌటరు ఉన్నాయి. ఆ రౌటరే ఇప్పుడు పీపీటీపీ సర్వరు. యజమానికి పాత ఆండ్రాయిడ్ ఫోను ఉంది.

మొదట రెండు చోట్ల లోపలి చిరునామాలు వేర్వేరుగా ఉన్నాయో లేదో చూడాలి. లైను ఇచ్చినవాళ్లు పెట్టిన పెట్టె రెండు చోట్లా 192.168.1 వరుసనే ఇచ్చి ఉంటే సొరంగం తెరుచుకున్నా దారి తెలియదు. బరంపురానికి 192.168.10, మిల్లుకు 192.168.20 అని మార్చి పెట్టుకుందాం. తరవాత బరంపురం రౌటరును రౌటర్‌ఓఎస్ 7కు మార్చాలి, వైర్‌గార్డ్ అందులోనే ఉంది. మార్చేముందు అమరికను ఫైలుగా ఎగుమతి చేసి కంప్యూటరులో దాచుకోవాలి. మిల్లులో కూడా అలాంటి చిన్న రౌటరు ఒకటి పెట్టి, `MILL_PUBLIC_KEY` ఉన్నచోట మిల్లు రౌటరు పబ్లిక్ తాళంచెవిని రాసి, బరంపురం వైపు ఈ ఆదేశాలు ఇవ్వాలి:

```
/interface wireguard add name=wg-mill listen-port=13231
/ip address add address=10.77.0.1/24 interface=wg-mill
/interface wireguard peers add interface=wg-mill public-key="MILL_PUBLIC_KEY" allowed-address=10.77.0.2/32,192.168.20.0/24
/ip route add dst-address=192.168.20.0/24 gateway=wg-mill
/ip firewall filter add chain=input protocol=udp dst-port=13231 action=accept
```

చివరి నియమం జాబితాలో అడుగున చేరుతుంది. దానిపైన అన్నిటినీ ఆపేసే నియమం ఉంటే దీనికి వంతే రాదు, కనుక దీన్ని ఆ నియమం పైకి జరపాలి. మిల్లు వైపు ఇదే తరహాలో, తన చిరునామా 10.77.0.2గా, బరంపురం పబ్లిక్ తాళంచెవితో, `allowed-address`లో 10.77.0.1/32, 192.168.10.0/24 పెట్టి, 192.168.10.0/24కు దారి కూడా చేర్చాలి. దానికి తోడు `endpoint-address`, `endpoint-port` ఇచ్చి, `persistent-keepalive=25s` పెట్టాలి. మిల్లు సీజీనాట్ వెనుక ఉంది కనుక మొదట పలకరించవలసినది అదే. మధ్యమధ్య పలకరిస్తూ ఉండకపోతే దారిలోని నాట్ ఆ సంభాషణను మరిచిపోతుంది, అప్పుడు బరంపురం నుంచి మిల్లుకు ఏదీ చేరదు.

సొరంగం తెరుచుకుందో లేదో `/interface wireguard peers print detail` లో `last-handshake` దగ్గర తెలుస్తుంది. అక్కడ రెండు మూడు నిమిషాల లోపు సమయం కనిపిస్తూ ఉంటే బాగున్నట్టే. ఏమీ కనిపించకపోతే తాళంచెవి తప్పో, ఫైర్‌వాల్ అడ్డో, గడియారమో చూడాలి. సమయం కనిపిస్తున్నా అవతలి యంత్రం దొరకకపోతే `allowed-address` లోనో దారిలోనో తప్పుంది. పింగ్ పనిచేస్తూ, రిమోట్ డెస్క్‌టాప్ మాత్రం నల్లతెర దగ్గర ఆగిపోతే అది ప్యాకెట్టు పరిమాణం చిక్కు. వైర్‌గార్డ్ ఎంటీయూ మామూలుగా 1420 ఉంటుంది. 4జీ డాంగిల్ మీద నడిచే మిల్లులో దాన్ని రెండు వైపులా 1280కి తగ్గించి చూడాలి.

కాటా యంత్రానికి మిల్లు రౌటరులో ఇంకొక కట్టుబాటు అవసరం. దాని చిరునామా నుంచి బరంపురం లెక్కల కంప్యూటరుకు తప్ప ఇంకెక్కడికీ, ముఖ్యంగా ఇంటర్నెట్‌కు, దారి ఇవ్వకూడదు. భద్రతా సవరణలు ఆగిపోయిన ఎక్స్‌పీని ఏ వీపీఎనూ కాపాడదు. వైర్‌గార్డ్ సొరంగం దారిని కాపాడుతుంది గానీ, చివర ఉన్న యంత్రంలో చేరిన వైరసును కూడా అంతే భద్రంగా బరంపురం చేరుస్తుంది. ఈ మాట యజమానికి ముందే చెప్పడం మంచిది.

యజమాని ఫోను విషయంలో ప్లే స్టోరు వైర్‌గార్డ్‌ను ఎక్కించనిస్తే అదే పెట్టాలి, లేకపోతే ఓపెన్‌వీపీఎన్ యాప్. రెండూ కుదరకపోతే ఎల్‌టూటీపీ/ఐపీసెక్. అప్పుడు రౌటరులో ఎల్‌టూటీపీ సర్వరుకు `use-ipsec=required` అని పెట్టాలి. `yes` అని పెడితే ఐపీసెక్ లేకుండా వచ్చే కనెక్షనును కూడా అది ఒప్పుకుంటుంది. ఎక్కడి నుంచో దించిన ఏపీకే ఫైలుతో వీపీఎన్ యాప్ ఎక్కించే పని మాత్రం వద్దు, దానికన్నా ఆ ఫోనుకు వీపీఎన్ ఇవ్వకపోవడం నయం.

అన్నీ కుదిరాక కూడా పాత సర్వరును ‘ఎందుకైనా మంచిది’ అని తెరిచి ఉంచడం నేను తరచుగా చూసే తప్పు. విండోస్‌లో వీపీఎన్ రకం ‘Automatic’ అని ఉంటే, సర్వరు ఒప్పుకుంటున్నంతకాలం అది పీపీటీపీతోనే కలిసి ఊరుకోవచ్చు. పాత కనెక్షను గుర్తును కూడా విండోస్ 7 యంత్రంలో చెరిపేసి, రౌటరులో ఇలా ఆపాలి:

```
/interface pptp-server server set enabled=no
```

తరవాత ఫైర్‌వాల్‌లో 1723 పోర్టుకూ, జీఆర్‌ఈకీ దారి ఇచ్చిన నియమాలను తీసివేయాలి. ఇన్నాళ్లు పీపీటీపీలో వాడిన పేర్లకు ఎక్కడెక్కడ అదే పాస్‌వర్డు ఉందో వెతికి, విండోస్ ఖాతాలతో సహా అన్నిటినీ మార్చాలి, ఎందుకంటే ఎప్పుడో నమోదైన లాగిన్‌ను ఇప్పుడు విప్పినా ఆ హాష్ దొరుకుతుంది. చివరగా ఆఫీసు వైఫై కాకుండా మొబైల్ డేటా మీద ఉన్న ల్యాప్‌టాప్ నుంచి `telnet` అని కొట్టి బరంపురం స్టాటిక్ ఐపీ, 1723 ఇచ్చి చూడాలి. కనెక్షను కుదరలేదని వస్తే సర్వరు ఆగినట్టు. తెర ఖాళీగా తెరుచుకుంటే లోపల ఇంకెక్కడో, బహుశా లైను ఇచ్చినవాళ్ల పెట్టెలో పోర్టు మళ్లించిన చోట, పాత విండోస్ సర్వరు ఒకటి ఇంకా వింటూ ఉందని అర్థం.